విశాఖలో డోర్ నంబరు చదవడం ఎలా? పాత నంబరు, కొత్త నంబరు ఒకే ఇంటివని తేల్చడం ఎలా?

ద్వారకానగర్‌లో ఒక గేటు మీద 47-10-15 అని ఉందనుకుందాం. ఇందులో 47 వార్డు, 10 బ్లాకు, 15 ఇల్లు. ఇంతవరకు చాలామందికి తెలుసు. చిక్కులు ఆ తర్వాతే మొదలవుతాయి. ఆ 47 మీరు ఓటేసే వార్డు కాదు. ఆ 10 దస్తావేజులో కనిపించే బ్లాకు కాకపోవచ్చు. 15 పక్కన 16 ఉండొచ్చు, 17 ఉండొచ్చు, 14/1 కూడా ఉండొచ్చు. ఇంటిని వెతికేటప్పుడు ఇది తెలియకపోతే ఒక గంట తిరుగుడుతో పోతుంది. ఇల్లు కొనేటప్పుడు తెలియకపోతే బ్యాంకులో ఫైలు ఆగిపోతుంది, లేదా ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఈసీలో కనిపించాల్సిన తనఖా కనిపించకుండా పోతుంది.

అందుకే ఇక్కడ రెండు పనులు వివరిస్తున్నాం. నంబరును సరిగ్గా చదవడం మొదటిది. పాత నంబరు, కొత్త నంబరు ఒకే ఇంటివని కాగితాలతో తేల్చడం రెండోది. రెండోదే బరువైన పని, దానికే ఎక్కువ చోటు ఇచ్చాం.

మొదటి అడుగు: మొదటి అంకె ఏ వార్డుదో తేల్చుకోండి

విశాఖలో "వార్డు" అనే మాటకు కనీసం మూడు అర్థాలున్నాయి. మూడింటికీ వేర్వేరు నంబర్లు.

డోర్ నంబరులో మొదట వచ్చేది ఇంటి పన్ను కోసం ఎప్పుడో విడగొట్టిన వార్డు. దీన్నే రెవెన్యూ వార్డు అంటారు. సూర్యాబాగ్‌లో ఇళ్ళకు 28, డాబాగార్డెన్స్‌లో 30, ద్వారకానగర్‌లో 47, మురళీనగర్‌లో 39 కనిపిస్తాయి. అక్కయ్యపాలెం ఒక్కటే పేరైనా వీధిని బట్టి 43, 49 రెండూ తగులుతాయి. డాబాగార్డెన్స్ నుంచి ద్వారకానగర్‌కు నడిచి వెళ్ళిపోవచ్చు. కానీ నంబరు 30 నుంచి 47కి దూకుతుంది. కాబట్టి "నేను 30లో ఉన్నాను, 47 ఇంకా చాలా దూరం" అని లెక్క వేసుకుంటే పొరపాటే. ఈ అంకెల వరుస దూరాన్ని చెప్పదు.

రెండోది ఎన్నికల వార్డు, అంటే కార్పొరేటర్ గెలిచే డివిజన్. 2005లో గాజువాక మున్సిపాలిటీనీ చుట్టుపక్కల 32 గ్రామాలనూ కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు ఇవి 72. 2021 మార్చి ఎన్నికల నాటికి 98 అయ్యాయి. జనాభాను బట్టి ఈ గీతలు మళ్ళీ మళ్ళీ గీస్తారు. గీసిన ప్రతిసారీ గేటు మీద అంకె మార్చరు. ఓటరు జాబితాలో మీ వార్డు ఒకటి, ఇంటి గోడ మీద అంకె ఇంకొకటి ఉంటే కంగారు పడనక్కర్లేదు, అది తప్పు కాదు.

మూడోదే దస్తావేజుల్లో జనాన్ని ఎక్కువగా తికమక పెడుతుంది. అది టౌన్ సర్వే వార్డు. నగరం పాత భాగంలో భూమిని టౌన్ సర్వే చేసినప్పుడు వార్డులకు పేర్లు పెట్టారు. వాల్తేరు వార్డు, అల్లిపురం వార్డు అలాంటివే. దస్తావేజులో ఆస్తి వివరాలుండే షెడ్యూలులో "వాల్తేరు వార్డు, బ్లాకు నెం. ఫలానా, టి.ఎస్. నెం. ఫలానా" అని ఉంటే అది నేల చిరునామా. ఇంటి చిరునామాతో దానికి సంబంధం లేదు. అక్కడి బ్లాకు, డోర్ నంబరులో మధ్య అంకె ఒకటి కావు. రెండూ కలవలేదని దస్తావేజు తప్పని అనుకునేవాళ్ళున్నారు. అంతకంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. కొత్త దస్తావేజు రాయించేటప్పుడు టి.ఎస్. బ్లాకు నంబరును తీసుకొచ్చి డోర్ నంబరు మధ్యలో పెట్టేస్తారు. ఆ తప్పు ఒకసారి రిజిస్టరైతే సవరణ దస్తావేజు లేకుండా పోదు.

రెండో అడుగు: నంబరు పక్కన ప్రాంతం పేరు, పిన్‌కోడ్ ఉన్నాయో లేదో చూడండి

గాజువాక విడి మున్సిపాలిటీగా ఉన్నప్పుడు తన వార్డులకు తానే ఒకటి నుంచి నంబర్లు వేసుకుంది. భీమిలి, అనకాపల్లి కూడా అంతే. ఇప్పుడు అన్నీ ఒకే నగరపాలక సంస్థ కింద ఉన్నాయి, పాత నంబర్లు మాత్రం చాలా చోట్ల అలాగే నడుస్తున్నాయి. ఫలితంగా 10తో మొదలయ్యే డోర్ నంబరు సిరిపురం వైపూ ఉంటుంది, గాజువాకలోనూ ఉంటుంది. "10-12-8, విశాఖపట్నం" అని మాత్రమే రాస్తే ఆ ఉత్తరం ఎక్కడికి వెళ్ళాలో పోస్ట్‌మ్యాన్‌కు తెలిసే దారి లేదు. పక్కన గాజువాక, 530026 అని ఉంటే సందేహం తీరిపోతుంది.

పిన్‌కోడ్ కూడా డోర్ నంబరును బట్టి రాదు. ద్వారకానగర్, అక్కయ్యపాలెం నంబర్లు వేరైనా రెండిటికీ 530016. ఎంవీపీ కాలనీ 530017, డాబాగార్డెన్స్ 530020. అందుకే చిరునామాలో ఈ మూడూ విడివిడిగా రాయాలి: డోర్ నంబరు, ప్రాంతం, పిన్‌కోడ్. ఏదో ఒకటి ఉంది కదా అని మిగతావి వదిలేయకూడదు.

అంకెలు రెండే ఉంటే, అంటే 3-114 లాగా కనిపిస్తే, అది చాలావరకు పంచాయతీ నాటి నంబరు. మధురవాడ లాంటి విలీన ప్రాంతాల్లో ఇవి ఇప్పటికీ గోడల మీద కనిపిస్తాయి. మొదటి అంకె ఆ గ్రామ పంచాయతీ వార్డు, రెండోది ఇల్లు. బ్లాకు ఉండదు. పక్క ఊరి పంచాయతీలో కూడా అదే 3-114 ఉండి ఉండొచ్చు. కాబట్టి ఇలాంటి నంబరుకు ఊరి పేరు తప్పనిసరి.

ఎంవీపీ లాంటి లేఅవుట్ కాలనీల్లో ఎల్‌ఐజీ, ఎంఐజీ, హెచ్‌ఐజీ అని ముందు పెట్టి వచ్చే నంబరు ప్లాటుది. అది అప్పటి పట్టణాభివృద్ధి సంస్థ వుడా వేసిన లేఅవుట్ ప్లాను నుంచి వచ్చింది, పన్ను రికార్డులోది కాదు. జనం దాన్నే చిరునామాగా వాడతారు, ఇల్లు దొరుకుతుంది కూడా. కానీ పన్ను రసీదు మీద ఉండే డోర్ నంబరు వేరు. ఇల్లు వెతకడానికి ప్లాటు నంబరు, సెక్టారు నంబరు చాలు. కాగితాలకు రెండూ కావాలి.

మూడో అడుగు: వీధిలో నంబర్లు ఎటు నడుస్తున్నాయో కనిపెట్టండి

సరి సంఖ్యలు ఒక వైపు, బేసి సంఖ్యలు ఇంకో వైపు అనే పద్ధతి తెలిసిందే. రోడ్డు మొదట్లో నిలబడితే ఒక పక్క 1, 3, 5, ఎదురుగా 2, 4, 6. వీధిని యూనిట్‌గా తీసుకుని నంబరు వేసిన చోట ఇది నడుస్తుంది. మన దగ్గర యూనిట్ వీధి కాదు, బ్లాకు. నంబరు వేసే మనిషి బ్లాకులోకి ఒక మూల నుంచి ప్రవేశించి, ఒక పక్క ఇళ్ళన్నిటికీ వరసగా వేసుకుంటూ చివరిదాకా వెళ్ళి, తిరిగి వస్తూ ఎదురు పక్క ఇళ్ళకు వేస్తాడు. మధ్యలో సందు తగిలితే అందులోకి వెళ్ళి బయటికి వస్తాడు. అందుకే విశాఖ పాత పేటల్లో సరి, బేసి వెతికితే చాలాసార్లు దొరకదు. కొన్ని వీధుల్లో మాత్రం ఉంటుంది. ఏది ఉందో ముందే అనుకోకుండా పరీక్షించుకోవాలి.

పరీక్ష తేలిక. ఒకే పక్కన వరసగా మూడు గేట్లు చదవండి. 11, 13, 15 అయితే సరి–బేసి. 11, 12, 13 అయితే వరస పద్ధతి. మూడిట్లో ఒకటి కనపడకపోతే రోడ్డుకు అవతల ఎదురుగా ఉన్న ఇంటి నంబరు చూడండి. సరి–బేసి వీధిలో ఎదురెదురు ఇళ్ళ మధ్య తేడా చిన్నగా, చాలాసార్లు ఒకటే, ఉంటుంది. వరస పద్ధతిలో వెళ్ళి తిరిగొచ్చిన వీధిలో తేడా పెద్దగా ఉంటుంది, కానీ కూడితే దాదాపు ఒకే మొత్తం వస్తుంది.

ఒక వీధి లెక్క చూద్దాం. ఒక పక్క 14 ఇళ్ళు, ఎదురు పక్క 14 ఇళ్ళు ఉన్నాయి. ఎడమ పక్క 1 నుంచి 14 దాకా వెళ్ళి, కుడి పక్క 15 నుంచి 28 దాకా వెనక్కి వచ్చారు. అప్పుడు 1కి ఎదురుగా 28 ఉంటుంది, 2కి ఎదురుగా 27, 5కి ఎదురుగా 24. ఏ జత కూడినా 29. మీరు నిలబడిన చోట ఒక పక్క 6, ఎదురుగా 23 కనిపిస్తే, మీకు కావలసిన 20 ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. అది 9కి ఎదురుగా ఉంటుంది, అంటే మూడిళ్ళు ముందుకు వెళ్ళాలి. స్థలాలు అన్నీ ఒకే వెడల్పు కాకపోతే మొత్తం ఒకటి రెండు అటూ ఇటూ అవుతుంది, దిశ మాత్రం తప్పదు.

బ్లాకు సరిహద్దు ఇంకో చిక్కు. రోడ్డుకు ఈ పక్క బ్లాకు 10, ఆ పక్క బ్లాకు 11 అయి ఉండొచ్చు. అప్పుడు ఎదురెదురు ఇళ్ళ మూడో అంకెలకు ఏ సంబంధమూ ఉండదు. కాబట్టి మధ్య అంకె చదవకుండా చివరి అంకెను పోల్చవద్దు. వీధి చివర కిరాణా కొట్టులో అడిగేటప్పుడు కూడా "15 నంబరు ఎక్కడండీ?" అంటే ఎవరూ చెప్పలేరు. "బ్లాకు పది ఎక్కడ మొదలవుతుందండీ?" అని అడిగితే ఇస్త్రీ బండి అబ్బాయో, ఎన్నో ఏళ్ళుగా కొట్టు పెట్టుకున్న పెద్దాయనో చూపించే అవకాశం ఎక్కువ.

ఇక మూల ఇళ్ళు. మూల ఇంటికి నంబరు పడేది మొదట నంబరు వేసిన రోజు గుమ్మం ఏ వీధిలో ఉందో దాన్ని బట్టి. తర్వాత వాస్తు కోసం గేటు తూర్పుకు మార్చుకుంటారు. గేటు కొత్త వీధిలోకి వస్తుంది, నంబరు పాత వీధి వరసలోనే ఉండిపోతుంది. వరసలో అంతా సరిగ్గా ఉండి ఒక్క ఇల్లు మాత్రం కనపడకపోతే, మూల తిరిగి పక్క వీధిలో చూడండి.

ఏటవాలు గీత తర్వాత వచ్చే అంకె

49-24-18/2లో చివరి 2కి మూడు కారణాల్లో ఏదో ఒకటి ఉంటుంది. 18 నంబరు ఇల్లు వాటాలుగా విడిపోయి ఉండొచ్చు. 18కీ 19కీ మధ్య ఖాళీ జాగాలో తర్వాత ఇల్లు లేచి, వరస చెడగొట్టడం ఇష్టం లేక 18కి తోకగా ఇచ్చి ఉండొచ్చు. లేదా అదే ఆవరణలో పై అంతస్తుకు విడిగా పన్ను వేసి ఉండొచ్చు. /ఎ, /బి అని వచ్చేవీ ఇలాంటివే. అపార్టుమెంటు అయితే డోర్ నంబరు భవనానిది, దాని తర్వాత ఫ్లాటు నంబరు వస్తుంది. రెండిళ్ళు పడగొట్టి కలిపి కట్టినదైతే "18, 19" అని రెండూ ఉంటాయి. అలాంటి చోట ఒక్క నంబరుతో వెతికితే సగం చరిత్రే దొరుకుతుంది.

గీత అడ్డమా ఏటవాలా అన్నది కూడా చూడాలి. 18/2ను ఒక గుమస్తా 18-2 అని కొడితే కంప్యూటరుకు అది వేరే ఇల్లు. ఇంకో సంగతి, చూడటానికి చిన్నదే గాని చాలా జాబితాలను పాడు చేసింది. సొసైటీ జాబితానో చందాల పట్టికో ఎక్సెల్‌లో కొట్టేటప్పుడు 9-10-12 అని కొడితే అది తేదీ అనుకుని 09-10-2012గా మార్చేస్తుంది. మన సిస్టముల్లో మొదటి అంకె 31 లోపు, రెండోది 12 లోపు ఉన్న చాలా నంబర్లకు ఈ ముప్పు ఉంది. మారాక గడిని మళ్ళీ టెక్స్ట్ చేస్తే పాత నంబరు రాదు, లోపల నిలవున్న తేదీ లెక్క ఐదంకెల సంఖ్యగా బయటపడుతుంది. కొట్టకముందే ఆ నిలువు వరస మొత్తాన్ని టెక్స్ట్‌గా మార్చుకోవాలి. లేదా నంబరు ముందు ఒక కొటేషన్ గుర్తు పెట్టాలి:

```
'9-10-12
```

పాత నంబరు, కొత్త నంబరు: ఎందుకు రెండు?

పంచాయతీ మున్సిపాలిటీలో కలిసినప్పుడు, వార్డు పెద్దదై రెండుగా చీలినప్పుడు, బ్లాకులో కట్టడాలు పెరిగి మళ్ళీ వరస వేసినప్పుడు, అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఇంటి నంబరు మారుతుంది. మారిన రోజున పన్ను రికార్డు మారుతుంది. దస్తావేజు, కరెంటు బిల్లు, ఆధార్, బ్యాంకు ఖాతా వాటంతట అవి మారవు. అందువల్ల ఒకే ఇంట్లో నాలుగు కాగితాల మీద రెండు మూడు నంబర్లు ఉండటం మామూలే.

పాత నంబరు నుంచి కొత్తది లెక్క కట్టే సూత్రం లేదు. "పాత 43 అంతా ఇప్పుడు 49 అయింది, చివరి అంకెలు అవే" అని వీధిలో ఎవరైనా చెబితే, పది ఇళ్ళకు నిజమై పదకొండో ఇంటి దగ్గర తప్పవచ్చు. రెండిటినీ కలిపే దారం పన్ను అసెస్‌మెంట్ నంబరు. డోర్ నంబరు మారినా పన్ను ఖాతా సాధారణంగా కొనసాగుతుంది. ఖాతా నంబరే మారినప్పుడు పాత అసెస్‌మెంట్ నంబరు ఏమిటో రికార్డులో ఉండాలి. cdma.ap.gov.inలో ఇంటి పన్ను వెతికేటప్పుడు `Assessment Number`, `Old Assessment Number`, `Door No`, `Owner Name` అని గడులు విడివిడిగా కనిపించేది ఇందుకే.

ఒక ఇంటి కాగితాలు కలిపి చూద్దాం

ఇక్కడి నంబర్లు లెక్క కోసం పెట్టినవి, పద్ధతి మాత్రం ఉన్నదున్నట్టు.

మధురవాడ వైపు ఒక ఇల్లు అమ్మకానికి వచ్చింది. అమ్మేవాళ్ళు చూపిన కాగితాలు నాలుగు. 1994 కొనుగోలు దస్తావేజులో డోర్ నం. 3-114, విస్తీర్ణం 200 చదరపు గజాలు. 2003 పంపకాల దస్తావేజులో 3-114/1, 100 గజాలు. ఇప్పటి పన్ను రసీదులో మూడు భాగాల కొత్త నంబరు, 3-26-41 అనుకుందాం. కరెంటు బిల్లులో ఇంకా 3-114. అమ్మేవాళ్ళు ఒకే నంబరుతో, అంటే 3-26-41తో, ఈసీ తీసి ఇచ్చారు. అందులో ఏమీ లేదు. "లావాదేవీలు లేవు, ఇల్లు శుభ్రంగా ఉంది" అన్నారు.

ఆ ఈసీ అబద్ధం కాదు. ఆ నంబరు పేరు మీద ఏమీ రిజిస్టరు కాలేదు, అంతవరకే అది చెబుతుంది. ఈసీ వెతికేది దస్తావేజులో ఏ నంబరు రాశారో దాన్ని. ఇంటిని వెతకదు. కాబట్టి ఇలా చేయాలి.

ముందుగా ఆ ఇంటికి ఎప్పుడైనా ఉన్న నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసుకోండి: 3-114, 3-114/1, 3-26-41. పక్కనే సర్వే నంబరు, ప్లాటు నంబరు ఉంటే అవీ రాయండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఈసీకి దస్తావేజు నంబరుతో వెతకవచ్చు, లేదా ఇంటి నంబరు, వార్డు–బ్లాకు, సర్వే నంబరు, హద్దులు ఇచ్చి వెతకవచ్చు. ప్రతి నంబరుకూ విడిగా ఒకసారి తీయండి. 18/2, 18-2 లాంటి తేడా వచ్చే అవకాశం ఉంటే రెండు రకాలుగానూ తీయండి. ఆ తర్వాత సర్వే నంబరుతో ఇంకొకసారి. కంప్యూటరులో వచ్చేది 1983 జనవరి 1 నుంచి రిజిస్టరైనవే. అంతకు ముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో చేతిరాత రికార్డు వెతికించాలి. ఇప్పటి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు కొత్తగా విడిపోయి ఏర్పడినదైతే, పాత లావాదేవీలు మునుపు ఆ ఊరు ఏ ఆఫీసు కింద ఉండేదో అక్కడ ఉంటాయి. అక్కడ కూడా వెతకాలి.

మన ఉదాహరణలో 3-114తో 1994 కొనుగోలు వచ్చింది. 3-114/1తో 2003 పంపకమూ, దాని తర్వాత ఒక తనఖా కూడా వచ్చాయి. తనఖా రద్దయినట్టు లేదు. కొత్త నంబరుతో తీసిన ఈసీలో ఇది కనిపించే మార్గమే లేదు. ఎందుకంటే తనఖా రాసిన రోజున బ్యాంకు ముందున్నది పంపకాల దస్తావేజు, దాని మీదున్నది 3-114/1.

ఇప్పుడు ఈ మూడు నంబర్లూ ఒకే ఇంటివా అన్న ప్రశ్న. దీనికి హద్దులు చూడాలి. 1994లో తూర్పు రోడ్డు, పడమర ఫలానా వారి స్థలం, ఉత్తరం సందు, దక్షిణం ఫలానా వారి ఇల్లు. 2003లో 200 గజాలు రెండుగా చీలింది కాబట్టి ఒక హద్దు మారి తీరాలి. ఉత్తరపు వాటా తీసుకున్నవారికి దక్షిణ హద్దు ఇప్పుడు అన్నదమ్ముడి వాటా అవుతుంది. మిగతా మూడు హద్దులూ మునుపటిలాగే ఉండాలి. అలా ఉంటే దారం తెగలేదని అర్థం. నాలుగు హద్దులూ మారితే, లేదా ఒక్కటీ మారకుండా విస్తీర్ణం సగమైతే, ఎక్కడో తప్పు ఉంది. ఇలాంటి చోట వాటా ఉత్తరానిదా దక్షిణానిదా అన్నది కొలిచి చూడకుండా ముందుకు పోవద్దు. /1 అని ఉంటే మొదటి వాటా, అంటే ఉత్తరపుదే అయి ఉంటుందని ఊహించకండి. /1 మొదట పన్ను వేయించుకున్న వాటాకు వచ్చి ఉండొచ్చు. దిక్కుతో దానికి పని లేదు.

తర్వాతి పని నగరపాలక సంస్థ జోనల్ ఆఫీసులో. పన్ను విభాగానికి ఒక దరఖాస్తు పెట్టి, ఈ అసెస్‌మెంట్ నంబరు మీద ఉన్న ఇంటికి పాత డోర్ నంబరు ఏది, కొత్తది ఏది, ఎప్పుడు మారింది అని ధ్రువీకరణ అడగాలి. జత చేయాల్సినవి లింకు దస్తావేజుల నకళ్ళు, పాత పన్ను రసీదుల్లో దొరికినన్ని, తాజా రసీదు, కరెంటు బిల్లు. పాత రసీదులే ఇక్కడ ప్రాణం. పంచాయతీ నాటి ఒక్క రసీదు మీద పాత నంబరు, యజమాని పేరు ఉంటే పని సగం అయిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు దారానికి గుచ్చి మేకుకు తగిలించిన రసీదుల కట్ట పారేయవద్దని చెప్పేది అందుకే. వార్డు సచివాలయంలో దరఖాస్తు ఇచ్చినా, రికార్డు చూసి చెప్పాల్సింది పన్ను విభాగమే. సిబ్బంది ఇంటికి వచ్చి చూసేటప్పుడు గేటు, పక్కిళ్ళ నంబర్లు, హద్దులు మీరే చూపించండి.

ధ్రువీకరణ ఆలస్యమైతే సమాచార హక్కు చట్టం కింద, ఆ అసెస్‌మెంటుకు చెందిన పన్ను రిజిస్టరు పేజీ నకలు అడగవచ్చు. రుసుము 10 రూపాయలు, సమాధానానికి గడువు 30 రోజులు. "మా ఇంటి నంబరు ఎందుకు మార్చారు?" అని అడగకండి, దానికి జవాబు రాదు. "ఫలానా అసెస్‌మెంట్ నంబరుకు ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం దాకా రిజిస్టరులో నమోదైన డోర్ నంబర్ల నకలు ఇవ్వగలరు" అని అడగాలి. ఉన్న కాగితాన్ని అడిగితేనే కాగితం వస్తుంది.

కొత్త దస్తావేజులో ఎలా రాయించాలి

ఈ చిక్కు తర్వాతి తరానికి పోకుండా ఆపగలిగే చోటు ఇదొక్కటే. షెడ్యూలులో కొత్త నంబరు మాత్రమే రాస్తే పాత లింకు తెగుతుంది. పాతది మాత్రమే రాస్తే పన్ను రికార్డుతో కలవదు. మొత్తం గొలుసు రాయించండి. ఇలా ఉంటే చాలు:

"…మధురవాడలో గల, పూర్వపు పంచాయతీ డోర్ నం. 3-114, తదుపరి 3-114/1, ప్రస్తుత డోర్ నం. 3-26-41, పన్ను అసెస్‌మెంట్ నం. …, సర్వే నం. … లో గల 100 చదరపు గజముల స్థలము మరియు అందలి కట్టడము…"

నగరంలో స్థలాలకు రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువ నిర్ణయించేది కూడా చాలావరకు డోర్ నంబరులోని వార్డు–బ్లాకు జతను బట్టే. 47-10కి ఒక రేటు, పక్క బ్లాకుకు ఇంకో రేటు ఉండొచ్చు. మధ్య అంకె ఒక్కటి తప్పు పడితే స్టాంపు డ్యూటీ లెక్కే మారిపోతుంది. తక్కువ కట్టినట్టు తేలితే తర్వాత తేడా కట్టమని నోటీసు వస్తుంది. రాయించిన ముసాయిదాలో డోర్ నంబరును పన్ను రసీదు పక్కన పెట్టుకుని అంకె అంకె చదవండి. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు రసీదు చూస్తే తప్పు ఇట్టే దొరుకుతుంది.

ఒక్క విషయం మాత్రం కలిపి అర్థం చేసుకోకూడదు. డోర్ నంబరు ఉండటం, పన్ను కడుతుండటం హక్కుకు రుజువులు కావు. ప్లాను లేని కట్టడానికి కూడా పన్ను వేస్తారు, దానితో పాటు నంబరూ వస్తుంది. ఆ నంబరు ఆ ఇల్లు ఎక్కడుందో మాత్రమే చెబుతుంది.

నంబరు మారినప్పుడు మార్చుకోవాల్సిన కాగితాలు

వరస ముఖ్యం. ముందు పన్ను రికార్డు సరిచేయించాలి, ఎందుకంటే మిగతా అందరూ అడిగేది తాజా పన్ను రసీదునే. దాని తర్వాత కరెంటు సర్వీసు చిరునామా. సర్వీసు నంబరు మారదు, చిరునామా మాత్రమే మారుతుంది, అందుకే పాత బిల్లు కూడా లింకుగా పనికొస్తుంది. ఆ తర్వాత ఆధార్, బ్యాంకు, గ్యాసు. ఆధార్ ముందు మార్చేసి పన్ను రికార్డును తర్వాతకు వదిలితే, కొత్త చిరునామాకు ఆధారం చూపమన్నప్పుడు మళ్ళీ మొదటికే వస్తారు.

గేటు మీద పాత పలక తీసేయవద్దు. కొత్త నంబరు పెద్దగా రాయించి, దాని కింద చిన్న అక్షరాలతో "పాత నం." అని పాతదాన్ని కనీసం ఒకటి రెండేళ్ళు ఉంచండి. బ్యాంకు నుంచి వచ్చే పరిశీలకుడి దగ్గర దస్తావేజులోని పాత నంబరు ఉంటుంది, కొరియర్ అబ్బాయి దగ్గర కొత్తది ఉంటుంది. ఇద్దరూ ఒకే గేటు దగ్గర ఆగాలి.